నలభై ఒక్క దొంగ దోస్తులు

గోడకు అంటించిన మార్కుల కాగితం ముందు ప్రవళిక మూడోసారి నిలబడింది. చూసినకొద్దీ అంకెలు మారే కాగితమైతే ఎంత బాగుండేదో! మారలేదు. సంగీతకు ముప్పైకి ఇరవయ్యారు. ప్రవళికకు ముప్పైకి పద్దెనిమిది.

భూపాలపల్లి బస్టాండ్ వెనక సందులో, ఎరువుల దుకాణం మీది అంతస్తులో నడిచే జర్మన్ క్లాసు అది. తొమ్మిది మంది నర్సులు. ఊళ్లోని ప్రైవేటు దవాఖానల్లో డ్యూటీలు చేసుకుంటూ, మధ్యాహ్నం రెండింటికి వచ్చి కూర్చుంటారు. పాఠం చెప్పే శోభ మేడం జర్మనీలో ఆరేళ్లు నర్సుగా చేసి వచ్చిన మనిషి. సొంతూరు జనగామ. జర్మనీలోని ఒక ఆసుపత్రి ఈ బ్యాచ్ నుంచి మొదటి విడతలో ఒక్కరిని, ఒక్కరంటే ఒక్కరిని, తీసుకుంటానంది. ఇది మాదిరి పరీక్షే. పదిహేనున జరిగే అసలు పరీక్షలో ఎవరు ముందుంటే వాళ్ల పేరు మేడం పంపుతుంది. మిగిలినవాళ్లు వచ్చే ఏడాది దాకా ఆగాలి.

ఆ ఒక్కరూ తనేనని ప్రవళికకు ఏనాడూ అనుమానం లేదు. నర్సరీ నుంచి ఇంగ్లీషు మీడియం. చర్చిలో ఎవరైనా బయటి పాస్టరు వచ్చి ఇంగ్లీషులో ప్రసంగం చేస్తే పక్కన నిలబడి తెలుగులో చెప్పేది ఆమే. బొగ్గు గనిలో పనిచేసే వాళ్ల నాయిన సాంసన్ అయితే, 'మా బిడ్డ జర్మనీకి పోతాంది' అని షిఫ్టు షిఫ్టుకూ చెప్పుకుంటూ, పోయిన వారం ప్రార్థన కూడా చేయించాడు. దేవుడి చెవిన పడేసిన సంగతి ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలాగ?

పైగా ఓడింది ఎవరి చేతిలో? సంగీత చేతిలో. మహబూబాబాద్ అవతల ఒక తండా పిల్ల. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మీడియం. నర్సింగ్ పుస్తకాలు కూడా ఒకరిచేత అర్థం చెప్పించుకుని చదివి పాసైంది. ఇంగ్లీషులో ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా ఫోన్ తెచ్చి ప్రవళిక చేతిలో పెట్టి, "అక్కా, జర మాట్లాడవా" అనేది. అలాంటి పిల్లకు ఇరవయ్యారు!

"అక్కా, నీకెన్ని వచ్చినయ్?" వెనక నుంచి సంగీత అడిగింది.

గోడ మీద కనపడుతూనే ఉంది కదా, అడగడం దేనికి? ప్రవళికకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల నిజంగానే అప్పుడే మెట్లెక్కి వచ్చింది, కాగితం ఇంకా చూడలేదు. కానీ కడుపుమంటకు అవన్నీ కనిపించవు.

"చూస్కో, గోడకున్నయ్ గదా," అని, నేరుగా మేడం గదిలోకి వెళ్లింది.

"మేడం, దిద్దుట్ల ఏమన్న గలత్ అయ్యిందా? నా పేపర్ మల్లొకసారి చూస్తరా?"

శోభ మేడం నవ్వలేదు, కోప్పడలేదు. ప్రవళిక కాగితం తీసి ముందు పెట్టింది.

"గీ వాక్యం చదువు. తెలుగుల చెప్పు."

కెల్లర్ అనే ఆవిడ తన వార్డు గురించి రాసిన ఉత్తరం అది. వార్డులో 'ఫాస్ట్' ముప్పై మంది రోగులున్నారట. కింద ప్రశ్న, ఉన్నది సరిగ్గా ముప్పై మందేనా? ఒప్పా, తప్పా?

"వార్డు జల్ది జల్ది నిండుతాంది, ముప్పై మంది ఉన్నరు. ఒప్పు," అంది ప్రవళిక.

"ఫాస్ట్ అంటే జర్మన్ల 'దాదాపు'. ముప్పై మందికి జర తక్కువున్నరు. జవాబు తప్పు. గిది చూడు, మా 'షెఫ్' 'ఎవెంటువెల్' సోమవారం వస్తడు."

"వంటాయన... చివరికి సోమవారం వస్తడు."

"షెఫ్ అంటే వంటాయన గాదు, మన పై అధికారి. ఎవెంటువెల్ అంటే ఎవెన్చువల్లీ గాదు, 'రావచ్చు, రాకపోవచ్చు'. సోమవారం తప్పకుండ వస్తడు అన్నదాన్కి నువ్వు ఒప్పు పెట్టినవ్. ఇగ గీ మూడోది."

మూడోది ప్రవళికకు గుర్తుంది. దానితో పరీక్షలోనే కుస్తీ పట్టింది. కెల్లరమ్మ 'బెకొమ్ట్ బాల్ట్' ఒక 'రెత్సెప్ట్'. అక్షరాలు చూస్తే బికమ్, బాల్డ్, రిసీట్. కెల్లరమ్మకు బట్టతల అవుతుందని, దానికి రసీదు ఇస్తారని ఒక అర్థం తేలింది. జర్మనీ కదా, ఇస్తారేమో అనుకుని, ఏదో ఒకటి గీసి వచ్చింది.

ఆ మాటే పైకి చెప్తే శోభ మేడం పొట్ట పట్టుకుని నవ్వింది. "బెకొమెన్ అంటే దొరకడం. బాల్ట్ అంటే తొందర్లనే. రెత్సెప్ట్ అంటే డాక్టర్ రాసిచ్చే మందుల చీటి. ఆమెకు తొందర్లనే మందుల చీటి దొరుకుతది. గంతే. పాపం కెల్లరమ్మ జుట్టు ఆమెకే ఉంది."

ప్రవళిక నవ్వలేకపోయింది.

"ఇంగ్లీషూ జర్మనూ ఒక్క కుదురు భాషలు. శానా మాటలు నిజంగనే చుట్టాలు. హాంట్ అంటే హ్యాండే, హౌస్ అంటే హౌసే. గందుకే మొదట్ల నీకు అందరికంటె జల్ది వచ్చింది. కానీ కొన్ని ముఖం చుట్టాల లెక్క పెట్టి మోసం జేస్తయ్. జర్మన్లు వాటిని దొంగ దోస్తులు అంటరు. నువ్వు జర్మన్ చదువుతలేవు ప్రవళికా, దాంట్ల ఇంగ్లీషు చదువుతున్నవ్. సంగీతకు ఇంగ్లీషు రాదు, గందుకే ఆమెకు ఆ మోసం లేదు. నేను చూపిచ్చింది చూస్తది, అదే గుర్తు వెట్టుకుంటది."

మేడం మంచిగానే చెప్పింది. కానీ ప్రవళిక చెవులకు చివరి మాట ఒక్కటే అంటుకుంది. ఇంగ్లీషు రాకపోవడం కూడా ఒక గొప్పేనా? ఇరవై ఏళ్లు నెత్తిన పెట్టుకుని మోసిన ఇంగ్లీషు ఇవాళ శని అయింది, అది రానిది పుణ్యాత్మురాలైంది!

"ఇంకో మాట," అంది మేడం. "నీ నోట్సు అందరి దగ్గర ఉన్నది. నువ్వు కూసోని మొత్తం చూడు. దొంగ దోస్తులన్నీ దిద్దు. మా అమ్మకు కంటి ఆపరేషన్, నేను రేపు జనగామ పోతున్న, పరీక్ష రోజే వస్త. గందాక అందరికి దిద్దిన కాపీ నువ్వే ఇయ్యాలె. ఇస్తవా?"

"ఇస్త మేడం," అంది ప్రవళిక.

ఆ నోట్సు సంగతి చెప్పాలి. ప్రవళిక గర్వమంతా అందులోనే ఉండేది. శోభ మేడంది చూపించి చెప్పే పద్ధతి. ఒక వస్తువు పైకెత్తి పేరు చెప్తుంది, ఒక పని చేసి చూపించి దాని పేరు చెప్తుంది. మేడం చెయ్యి పైకి లేచేలోపే ప్రవళిక తల కిందికి వంగేది. ఎడమవైపు జర్మన్ మాట, కుడివైపు దానిని చూడగానే తోచిన ఇంగ్లీషు మాట, చకచకా. రెండు వందల పేజీలు. మేడం చేతిలో ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు, చూసే తీరిక ఏది? క్లాసులో ఏడుగురు ఆ నోట్సు జిరాక్సు తీయించుకున్నారు. కింద పక్కనే జిరాక్సు దుకాణం నడిపే హన్మంత్ అన్న దగ్గర ఒక కాపీ ఎప్పుడూ ఉంటుంది, కొత్తగా ఎవరు చేరినా అందులోంచే తీసిస్తాడు. తీసుకోనిది సంగీత ఒక్కతే. 'నాకు ఇంగ్లీషు అర్థం గాదక్కా' అని, మేడం చూపించినవాటి బొమ్మలు గీసుకునేది.

ఆ సాయంత్రం ప్రవళిక ఇంట్లో వంటగది గట్టు మీద నోట్సు, ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని కూర్చుంది. తల్లి సారమ్మ చిక్కుడుకాయలు తుంపుతూ, "ఏమైంది బిడ్డా, ముఖం గట్ల వెట్టినవ్?" అని రెండుసార్లు అడిగింది.

మొదటి పేజీలోనే 'ఆల్జో' దొరికింది. ఆల్సో కాదట, 'కాబట్టి' అట. తర్వాత 'సెన్సీబెల్', సెన్సిబుల్ కాదు, సున్నితమైన మనిషి. 'ఆక్టువెల్', యాక్చువల్ కాదు, ఇప్పటిది, తాజాది. 'డోజె', మందు డోసు కాదు, మూతున్న డబ్బా. మందు మోతాదును 'డోజిస్' అంటారు. 'గిఫ్ట్' దగ్గరికి వచ్చేసరికి ప్రవళికకు చెమట పట్టింది. బహుమతి కాదు, విషం. నర్సు అన్నాక విషాన్ని బహుమతి అనుకుంటే ఎలాగమ్మా?

మొత్తం నలభై ఒకటి తేలాయి.

నర్సులకు ఒక అలవాటు ఉంటుంది. కేసు షీటులో తప్పు రాస్తే దానిని గీకేయరు, నల్లగా పులమరు. కింది మాట కనిపించేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తారీకు వేసి, పొట్టి సంతకం పెడతారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రేపు తెలియాలి కదా. ఐదేళ్ల డ్యూటీలో ఆ అలవాటు చేతికి పట్టేసింది. ఎర్ర పెన్నుతో నలభై ఒక్క గీతలు, నలభై ఒక్క సరైన అర్థాలు, నలభై ఒక్క తారీకులు. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. అన్నిటి పక్కన 'ప్ర'.

దిద్దడం అయ్యాక కాసేపు అలాగే కూర్చుంది. రేపు ఇది పట్టుకెళ్లి హన్మంత్ అన్నకు ఇవ్వాలి. ఇస్తే అందరికీ తెలుస్తుంది, ప్రవళిక నోట్సులో నలభై ఒక్క తప్పులని. సంగీత కూడా వింటుంది. వినడమే కాదు, 'పాపం అక్కా' అంటుంది. అది జాలి పడితే తట్టుకోవడం తన వల్ల కాదు. పరీక్ష అయినంక ఇస్తే ఏమైతది, అనుకుంది. ఆరు రోజులే కదా. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధం ఎప్పుడూ ఇలా చిన్నగా, మర్యాదగానే ఉంటుంది. నోట్సు సంచిలో అడుగున పెట్టింది.

మర్నాడే సంగీత ఆమె డ్యూటీ ముగిసే వేళకు దవాఖాన గేటు దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, ఒకటి అడుగుత, ఏమనుకోవు గదా? నీ నోట్సు నాకూ గావాలె."

"నీకెందుకు? నీకు మంచిగనే వస్తున్నయ్ గదా."

"ఒక్కసారి వచ్చినయ్. అందరు నీ నోట్సే చదువుతున్నరు, నేనొక్కదాన్నే బొమ్మలు గీసుకుంటున్న. అక్కడ దవాఖానల నన్ను చూసి నవ్వరా? ఇగ ఇంగ్లీషు గూడ జరంత నేర్చుకుంట నీ నోట్సుతోని. నాకు నీ లెక్క గావాలని ఉందక్కా."

ప్రవళిక చేతిలోని సంచిలోనే ఉంది ఎర్ర సిరా నోట్సు. చెయ్యి పెట్టి తీస్తే సరిపోయేది. ఆ క్షణంలో ఆమెకు గోడ మీది ఇరవయ్యారు కనిపించింది. ఇంగ్లీషు రాదు కాబట్టి మోసపోదన్నారు కదా. సరే, నేర్చుకోనీ.

"హన్మంత్ అన్న దగ్గర ఉన్నది," అంది. "పొయ్యి తీసుకో."

"నువ్వు మస్తు మంచిదానివక్కా," అని సంగీత దుకాణం వైపు దాదాపు పరుగెత్తింది. ప్రవళికకు గుండెల్లో ఎక్కడో కలుక్కుమంది. కానీ ఆ నొప్పి కంటే పైన ఇంకేదో చల్లగా, హాయిగా పరుచుకుంది. సిగ్గులేని హాయి. ఉన్నదున్నట్టు చెప్పాలి మరి.

ఆ ఐదు రోజులు మేడం లేదు. అందరూ వచ్చి ఎవరికి వాళ్లు చదువుకుని పోయేవాళ్లు. సంగీత కిటికీ దగ్గర కూర్చుని, ఒక చేతి కింద జిరాక్సు, ఒక చేతి కింద తన బొమ్మల పుస్తకం పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివేది. ప్రవళిక చదవడం మానేసి ఆమెనే చూసేది. ఏ పేజీలో ఉంది? ఎక్కడిదాకా వచ్చింది? పరీక్షకు చదవాల్సిన మనిషి పక్కదాని పేజీలు లెక్కపెడుతూ కూర్చుంది.

పదమూడో తారీకున సంగీత తన పుస్తకం పట్టుకుని పక్కకు వచ్చి కూర్చుంది.

"అక్కా, గిది జర చూడు. డోజె అంటే నేను డబ్బా బొమ్మ గీసిన. మేడం ఆ దినం పౌడర్ డబ్బా ఎత్తి చూపిచ్చింది, యాదికుందా? నీ నోట్సుల డోసు అని ఉన్నది. ఏది కరెక్టు?"

ప్రవళిక ఆ బొమ్మ చూసింది. చిన్న డబ్బా, మూత కొంచెం పక్కకు జరిపి గీసింది, తెరుచుకునేదని తెలియాలని. చక్కగా ఉంది.

నోరు తెరిచి ఒక్క మాట చెప్పాలి. డబ్బానే. మూడక్షరాలు.

"నా నోట్సుల ఏమున్నదో గదే," అంది ప్రవళిక, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"గట్లనా? అంటే మేడం డబ్బా గాదు, దాంట్లున్న మందు ఎంత ఏసుకోవాల్నో చూపిచ్చినట్టుంది. నేనే తప్పు సమజ్ జేసుకున్న," అని సంగీత అక్కడే పెన్ను తీసి, డబ్బా మీద ఒక్క గీత కొట్టింది. పక్కన ఏదో చిన్నగా రాసుకుంది. ప్రవళిక అటు చూడలేదు.

పదిహేనున పరీక్ష. మేడం ఆ పొద్దున్నే జనగామ నుంచి వచ్చి ప్రశ్నపత్రాలు పంచింది. పది పదాలు, ఇరవై చదువు ప్రశ్నలు. ఒకటి మందుల షాపు వాళ్లు రోగులకిచ్చే కాగితం. వాడిన తర్వాత 'డోజె' గట్టిగా మూయాలి అని ఉంది. రోగి ఏం చేయాలి? డబ్బా మూత పెట్టాలి, మందు కోర్సు ముగించాలి, డాక్టరును పిలవాలి. మూడింటిలో ఒకటి. ప్రవళిక మొదటిదానికి టిక్కు పెట్టి, ముందు వరుసలో సంగీత వీపు చూసింది. సంగీత ఏదో రాసింది. ఆగింది. రబ్బరు తీసుకుంది.

మధ్యాహ్నానికి గోడ మీద కాగితం పడింది. ప్రవళిక, ఇరవై ఎనిమిది. సంగీత, పదహారు.

ప్రవళిక గాల్లో తేలిపోవాలి కదా? తేలింది, అబద్ధమెందుకు. నాయినకు ఫోన్ చేసింది. అటు గనిలోని యంత్రాల మోతలో సాంసన్ 'దేవునికి స్తోత్రం' అని అరిచింది వినిపించింది. తోటి నర్సులు చుట్టూ మూగారు. మేడం అభినందించి, "అందరికి దిద్దిన కాపీ ఇచ్చినవ్ గదా?" అని అడిగితే, ఆ గోలలో తల ఊపీ ఊపనట్టు ఊపింది. పేరు రేపు పొద్దున పంపుతానంది మేడం.

అందరూ వెళ్లాక సంగీత ఆమె దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అయినా నవ్వుతోంది.

"మంచిగైంది అక్కా. నువ్వే పోవాలె ముందుగాల. నేను వచ్చే ఏడు చూస్త. గిది నీకు." తన బొమ్మల పుస్తకం చేతిలో పెట్టింది. "ఇంకేం ఇయ్యాల్నో తెల్వలే. అక్కడ పేషెంట్లకు బొమ్మలు చూపిస్తె జల్ది సమజైతదని మేడం అన్నది గదా. తప్పులున్నయ్ అనుకోకు. నీ నోట్సు చూసి అన్నీ దిద్దిన."

ప్రవళిక తెరిచింది. డబ్బా మీద ఒక్క గీత. పక్కన సిరంజిలో మందు కొలుస్తున్న బొమ్మ. రెండు పేజీల తర్వాత పురుగుమందు సీసా, దానికి పుర్రె గుర్తు. దాని మీద ఒక్క గీత, పక్కన రిబ్బను కట్టిన పెట్టె. గడియారం మీద గీత, పక్కన బట్టతల మనిషి. ప్రతి గీత కింద నర్సు చేతి అలవాటు, తారీకు, 'సం'. డాక్టరు చెప్తే మార్చినప్పుడు కేసు షీటులో 'డాక్టరు గారు చెప్పిన ప్రకారం' అని రాస్తారే, అలాగే ప్రతి చోటా తెలుగులో ముత్యాల్లా రాసి ఉంది, 'ప్రవళిక అక్క చెప్పిన ప్రకారం'.

నలభై ఒక్క చోట్ల రాసింది. సరైన బొమ్మలన్నీ కొట్టేసి రాసింది.

ప్రవళికకు తల కొట్టేసినట్టయింది. వెళ్లిపోతున్న సంగీతను, "ఆగు," అని పిలిచింది. సంచి అడుగు నుంచి ఎర్ర సిరా నోట్సు తీసి ఆమె చేతికిచ్చింది. చెప్పాల్సిన పని పడలేదు, నర్సుకు గీతలు చదవడం వచ్చు.

సంగీత నిలబడే తిరగేసింది. ఒక పేజీ, ఇంకో పేజీ. డోజె దగ్గర ఆగింది. ఎర్ర గీత, పక్కన 'మూతున్న డబ్బా', కింద తారీకు. వేలు ఆ తారీకు మీద పెట్టింది.

"తొమ్మిది," అంది. "నేను నిన్ను అడిగింది పదమూడు."

సంగీత వేలు తియ్యకుండానే తల ఎత్తింది.

"నేను డబ్బా కొట్టేస్తుంటె నువ్వు పక్కకే కూసున్నవ్."

"నాకు నిన్ను చూస్తె కడుపు మండింది, సంగీతా," అంది ప్రవళిక. ఆ వారం మొత్తంలో ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి నిజం అదే. "నీకు ఇరవయ్యారు వచ్చినయ్, గది నాతోని గాలే."

సంగీత ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకుంది. తిట్టినా బాగుండేది. ఆమె నోట్సు బల్ల మీద పెట్టి, తన బొమ్మల పుస్తకం ప్రవళిక చేతిలోంచి మెల్లగా తీసుకుని, మెట్లు దిగిపోయింది.

ప్రవళిక వెంటనే మేడం గదిలోకి వెళ్లి రెండూ చెప్పింది. కాపీ ఇవ్వలేదని, అడిగితే దాచానని. శోభ మేడం చేతిలోని పెన్ను మూసి పక్కన పెట్టింది.

"వార్డుల గిట్ల జేస్తవా? పక్క సిస్టర్ మందు తప్పు ఇస్తాంటె చూసుకుంట కూసుంటవా?"

"లేదు మేడం."

"మరి క్లాసుల ఎట్ల కూసున్నవ్?"

మేడం మర్నాడు పేరు పంపలేదు. దిద్దిన నోట్సు మిగతా ఎనిమిది మందికీ తనే జిరాక్సు తీయించి ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత కొత్త ప్రశ్నపత్రంతో అందరికీ మళ్లీ పరీక్ష పెట్టింది. ఎందుకు పెట్టిందో ఎవరికీ చెప్పలేదు. సంగీత కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ నాలుగు రోజులూ సంగీత కిటికీ దగ్గర కూర్చుని కొట్టేసిన బొమ్మలన్నీ మళ్లీ గీసుకుంది. డబ్బా, మందుల చీటీ, గడియారం, విషం సీసా. ప్రవళిక ఈసారి ఆమె పేజీలు లెక్కపెట్టలేదని చెప్పాలని ఉంది, కానీ పెట్టింది. అలవాటైన మంట అంత తొందరగా చల్లారదు.

గోడ మీద కాగితం పడింది. సంగీత, ఇరవై ఎనిమిది. ప్రవళిక, ఇరవై ఏడు.

ఒక్క మార్కు! ప్రవళికకు మళ్లీ కడుపులో మంట లేచింది. ఆ ఒక్క మార్కు ఏ ప్రశ్నలో పోయిందో వెతుక్కుంటూ ఇంటిదాకా నడిచింది. ఇంట్లో నాయినకు చెప్పింది, తను పోవడం లేదని, ఎందుకో కూడా చెప్పింది. సాంసన్ టోపీ చేతిలో తిప్పుకుంటూ కూర్చుని, చివరికి, "ప్రార్థన చేపిచ్చిన నేను. ఇప్పుడు ఆ పిల్ల కోసం చేపియ్యాలె," అన్నాడు.

రెండు నెలల తర్వాత సంగీత భూపాలపల్లి వదిలే రోజున మిగతా ఎనిమిది మందీ బస్టాండుకు వచ్చారు. ఆమె తండ్రి హీర్యా, తండా నుంచి వచ్చి, రెండు సంచులు భుజాన వేసుకుని నిలబడ్డాడు. మహబూబాబాద్ పోయి, ఇంట్లో వారం ఉండి, అక్కణ్నుంచి హైదరాబాద్. సంగీత ఒక్కొక్కరి చేయి పట్టుకుని, "పోయొస్త అక్కా," "పోయొస్త చెల్లె," అని చెప్పుకుంటూ వచ్చింది.

ప్రవళిక చివర్లో నిలబడింది. ఈసారి బాగా మాట్లాడాలని ఇంట్లోనే అనుకుని వచ్చింది. దవాఖానలో ఆమెను అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. డాక్టర్లు, పేషెంట్లు, కాంపౌండర్లు, గేటు దగ్గరి చంద్రయ్య కూడా. క్లాసులో చేరిన మొదటి రోజు నుంచీ అక్కా అని పిలిచింది సంగీత ఒక్కతే. ఎన్నిసార్లు పిలిచిందో, తను ఎన్నిసార్లు విసుక్కుందో.

సంగీత ఆమె ముందు ఆగింది. ముఖంలో కోపం లేదు. చెయ్యి పట్టుకుంది, మర్యాదగా, పేషెంటు చెయ్యి పట్టుకున్నంత జాగ్రత్తగా.

"పోయొస్త, సిస్టర్," అంది.